మెనూలో బిర్యానీలు పద్దెనిమిది, వంటింట్లో హండీ ఒకటే: దగ్గర్లో వెతికేటప్పుడు ఏ పేరు ఎవరికి?

ఫోన్‌లో `biryani near me` అని కొట్టి, వచ్చిన హోటళ్లలో ఒకదాని మెనూ తెరిస్తే చికెన్ బిర్యానీ ఒక్కటే ఉండదు. దమ్, స్పెషల్, ఫ్రై పీస్, బోన్‌లెస్, లాలీపాప్, మొగలాయి, గోంగూర, ఉలవచారు, కుండ, రాజుగారి కోడి పులావ్, ఆ కింద మండీ... జాబితా తెర దాటి పోతుంది. ధరల్లో తేడా యాభై, అరవై రూపాయలే కనిపిస్తుంది. వర్ణన చదివితే అన్నీ "సువాసనలు వెదజల్లే" బిర్యానీలే. దాంతో ఏది చెప్పాలో తేలక చివరికి అలవాటైనదే చెప్పేస్తాం.

ఈ జాబితాను చదవడానికి ఒక్క విషయం తెలిస్తే సగం పని అయిపోతుంది. ఆంధ్రా, తెలంగాణల్లోని మామూలు బిర్యానీ హోటల్లో ఇన్ని పేర్లకూ ఇన్ని వంటలు ఉండవు. పొద్దున ఒకటో రెండో పెద్ద హండీలు దమ్ పెడతారు. ఆర్డర్ వచ్చాక ఆ అన్నమే ప్లేటులోకి తీసి, దానిమీద ఏ ముక్క పెడితే ఆ పేరు. కాబట్టి మెనూలో పేరు ఎక్కువగా ముక్క గురించి చెబుతుంది, అన్నం గురించి కాదు. ఆ హోటల్లో దమ్ బిర్యానీ అన్నం బాగా లేకపోతే స్పెషల్ తీసుకున్నా, మొగలాయి తీసుకున్నా అన్నం బాగుండదు. అన్నం కూడా నిజంగా వేరేగా ఉండేవి ముఖ్యంగా రెండే: పులావ్, మండీ. అవి కూడా పద్ధతి ప్రకారం వండితేనే.

ముందు చూసుకోవాల్సినవి

మొదటిది, ముక్క అన్నంతో కలిసి ఉడికిందా, విడిగా వండి పైన పెట్టారా అన్నది. కలిసి ఉడికితే మాంసం రసం అన్నంలోకి దిగుతుంది. రుచి అన్నంలో ఉంటుంది, ముక్క మెత్తగా ఉంటుంది. విడిగా వేయిస్తే రుచి ముక్క మీద నిలుస్తుంది, అన్నం దానికి తోడు మాత్రమే. ఈ రెంటిలో మీకేది ఇష్టమో తేల్చుకుంటే సగం పేర్లు వాటంతటవే పక్కకు పోతాయి.

రెండోది ఎముక. ఎముక ఉన్న ముక్కకు రుచి ఎక్కువ, తినడానికి ఓపిక కావాలి. మూడోది తడి. సాలన్ కలుపుకొని తినేవాళ్లకు పొడిగా ఉన్నా ఫరవాలేదు. ముక్కతోపాటు గ్రేవీ కావాలనుకునేవాళ్లకు దమ్ నచ్చకపోవచ్చు. నాలుగోది, తినేది అక్కడ కూర్చునా, ఇంటికి తెప్పించుకునా అన్నది. దీన్ని చాలామంది లెక్కలోకి తీసుకోరు. మూత పెట్టిన డబ్బాలో అరగంట ప్రయాణం కొన్ని పేర్లను పూర్తిగా మార్చేస్తుంది. పరిమాణం సంగతి చివర్లో విడిగా చూద్దాం, అందులో లెక్క ఉంది.

దమ్ బిర్యానీ

హైదరాబాదీ పద్ధతిలో రెండు దారులు ఉన్నాయి. కచ్చీలో పెరుగు, మసాలా, పచ్చి బొప్పాయి పట్టించి నానబెట్టిన పచ్చి మాంసం అడుగున వేస్తారు. మూడింట రెండు వంతులు ఉడికిన బాస్మతి పైన పరిచి, మూత చుట్టూ పిండి అంటించి దమ్ ఇస్తారు. పక్కీలో మాంసాన్ని ముందే కూరలా వండి అన్నంతో పొరలు వేస్తారు. మెనూలో కచ్చీ అని రాసి ఉంటే ఆ పని చేస్తున్నామని చెప్పుకుంటున్నట్టు. ఏమీ రాయకుండా మటన్ బిర్యానీ అని మాత్రమే ఉంటే చాలా చోట్ల అది పక్కీనే, లేదా ఉడికించిన మటన్ పైన పెట్టిందే.

ప్లేటు ముందుకు వచ్చాక తేడా తెలుస్తుంది. కచ్చీలో అన్నం ఒకే రంగులో ఉండదు. తెల్లటి మెతుకులు, కుంకుమపువ్వు తగిలిన పసుపు మెతుకులు, అడుగున మసాలా పట్టిన గోధుమరంగు మెతుకులు కలిసి ఉంటాయి. మాంసం ఎముకను వదిలేస్తుంది. మసాలా ముక్కకు పేస్టులా అంటుకుని ఉంటుంది, గిన్నెలో పోసినట్టు పారదు. అన్నమంతా ఒకే నారింజ రంగులో ఉండి, ముక్క విరిచినప్పుడు లోపల తెల్లగా, చప్పగా ఉంటే దమ్‌లో కలిసి ఉడకలేదని అర్థం.

దమ్‌కు సమయం ముఖ్యం. హండీ సాధారణంగా మధ్యాహ్నం పన్నెండు ప్రాంతంలో ఒకసారి, రాత్రి ఏడు ప్రాంతంలో మళ్లీ తెరుస్తారు. సాయంత్రం నాలుగున్నరకు చెబితే మధ్యాహ్నపు అన్నమే వేడి చేసి వస్తుంది, మెతుకు విరిగి ఉంటుంది. హండీ అడుగుకు చేరినప్పుడు వచ్చే ప్లేటులో మసాలా, నూనె ఎక్కువ. కొందరికి ఆ అడుగు రైసే కావాలి, అలాంటివాళ్లు రెండు, రెండున్నర మధ్య వెళ్లడం మంచిది. ఉప్పూ కారం తక్కువ తినేవాళ్లు హండీ తెరిచిన గంటలోపు వెళ్లాలి.

డెలివరీని ఎక్కువగా తట్టుకునేది దమ్మే. ముక్క ముందే మెత్తగా ఉంది కనుక డబ్బాలో ఆవిరి పట్టినా పెద్ద నష్టం లేదు.

ఫ్రై పీస్, స్పెషల్, బోన్‌లెస్

విజయవాడ, గుంటూరు వైపు హోటల్లో కూర్చోగానే సర్వర్ అడిగే మాట "దమ్మా, ఫ్రై పీసా?" ప్రశ్న సరిగ్గా ముక్క గురించే, అన్నం రెంటికీ ఒకటే. ఫ్రై పీస్ అంటే ఎముకతో ఉన్న కోడి ముక్కల్ని ముందే మసాలాలో ఉడికించి లేదా నానబెట్టి, ఆర్డర్‌కు పచ్చిమిర్చి, కరివేపాకు, జీడిపప్పుతో బాణలిలో వేయించి దమ్ రైస్ మీద వేసేది. మంచి ఫ్రై పీస్‌కు గుర్తు మసాలా ముక్కకు పట్టి ఉండటం, కరివేపాకు ఇంకా కరకరలాడటం. ముందే వేయించి ఉంచిన ముక్కను మళ్లీ నూనెలో ముంచి తీస్తే పైన నల్లగా, లోపల పీచుగా ఉంటుంది. రద్దీ లేని వేళ ఇలా జరిగే అవకాశం ఎక్కువ.

స్పెషల్ అనేది మెనూ మొత్తంలో అతి తక్కువ సమాచారం ఇచ్చే పేరు. ఎక్కువ హోటళ్లలో దాని అర్థం చికెన్ 65 లాంటి ఎముకలేని వేపుడు ముక్కల్ని ఒక గ్రేవీలో తిప్పి అన్నం మీద వేయడం, పక్కన ఒక ఉడికించిన గుడ్డు. కొన్నిచోట్ల స్పెషల్ అంటే అదే దమ్ బిర్యానీకి ఒక ముక్క ఎక్కువ. ఇంకొన్నిచోట్ల గుడ్డు ఒక్కటే తేడా. బోన్‌లెస్, 65 బిర్యానీ, స్పెషల్ మూడూ ఒకే మెనూలో ఉంటే వాటి మధ్య తేడా సాస్‌లోనో గుడ్డులోనో ఉంటుంది తప్ప వంటలో ఉండదు. పేరుకు అదనంగా నలభై, యాభై రూపాయలు ఇచ్చేముందు ఫోన్ చేసి "స్పెషల్‌లో ఎముక ఉంటుందా? గ్రేవీనా, డ్రైనా?" అని అడగండి. రెండు ప్రశ్నలకు జవాబు వస్తే ఆ పేరు వెనక ఏముందో తెలిసిపోతుంది.

లాలీపాప్, తందూరీ, టిక్కా బిర్యానీలు కూడా ఈ కుటుంబమే. అవన్నీ స్టార్టర్లు, కింద అన్నం. మెనూలో ఆ స్టార్టర్ విడిగా కూడా ఉంటుంది కాబట్టి ఇద్దరు ముగ్గురు వెళ్తే ఒక దమ్, ఒక స్టార్టర్ విడిగా చెప్పడం చాలాసార్లు మేలు. ముక్కలు ఎక్కువ వస్తాయి, వేపుడు వేడిగా విడి ప్లేటులో వస్తుంది. మొగలాయి అంటే సాధారణంగా జీడిపప్పు, క్రీమ్ గ్రేవీ కలిపిన ఎముకలేని ముక్కలు. కారం తక్కువ, కడుపుకు బరువు ఎక్కువ.

డెలివరీలో ఫ్రై పీస్ బాగా నష్టపోతుంది. వేడి అన్నం మీద వేపుడు ముక్క పెట్టి మూత వేస్తే పావుగంటకే కరకర పోతుంది. ఇంటికి తెప్పించేటట్టయితే ముక్కలు విడిగా కట్టమని ఆర్డర్ నోట్‌లో రాయండి. కుదరదంటే గ్రేవీ ఉన్న స్పెషల్ తీసుకోవడం నయం, అది మెత్తబడినా తెలియదు.

గోంగూర, ఉలవచారు, ఆవకాయ

ఇవి దమ్ రైస్‌కు తెలుగు రుచులు తగిలించినవి. గోంగూర బిర్యానీలో గోంగూర పేస్టుతో వండిన చికెన్ పైన వేస్తారు లేదా అన్నంతో కలిపి తిప్పుతారు. పులుపు గరం మసాలాను కప్పేస్తుంది కనుక అన్నం నిన్నటిదో నేటిదో తెలియని బిర్యానీ ఇదే. కొత్త హోటల్లో మొదటిసారి దీన్ని చెప్పకపోవడం మంచిది. ఉలవచారు బిర్యానీలో చారు చిక్కగా ఉంటేనే అర్థం ఉంది. పల్చగా ఉంటే అన్నం తడిసి ముద్దవుతుంది. ఆవకాయ బిర్యానీకి విడిగా చెప్పేదేమీ లేదు. మీకు ఆవకాయ అన్నం ఇష్టమైతే నచ్చుతుంది.

పులావ్

బిర్యానీలో అన్నాన్ని విడిగా నీళ్లలో ఉడికించి వార్చి పొరలు వేస్తారు. పులావ్‌లో బియ్యం మాంసం రసంలోనే, కొలత నీళ్లతో, చుక్క పారబోయకుండా ఉడుకుతుంది. అందుకే పొరలుండవు, ప్రతి మెతుకూ ఒకే రంగు, ఒకే రుచి. తెలుగువాళ్ల పాత ఇళ్ల పద్ధతి ఇదే. గుంటూరు వైపు పలావ్ అనే అంటారు. దీనికి పొడవాటి బాస్మతి కంటే చిట్టిముత్యాల వంటి చిన్న గింజ సువాసన బియ్యం బాగా నప్పుతుంది, రసాన్ని ఎక్కువగా పీలుస్తుంది.

మెనూలో రాజుగారి కోడి పులావ్, నాటుకోడి పులావ్, చిట్టిముత్యాల పులావ్ అనే పేర్లు కనిపిస్తాయి. మూడోది బియ్యం పేరు చెబుతోంది కాబట్టి దాన్ని నమ్మడానికి కొంత ఆధారం ఉంది. మొదటిది గోదావరి జిల్లాల రాజుల వంటకాల పేరు మోస్తుంది. చాలా హోటళ్లలో మాత్రం అదే బాస్మతి దమ్ రైస్ మీద జీడిపప్పు, పచ్చిమిర్చి మసాలా చికెన్ వేసి ఆ పేరు పెడతారు. ఫొటోలో గింజ పొడవుగా, అన్నం రెండు రంగుల్లో, కోడి ముక్కలన్నీ పైన గుట్టగా కనిపిస్తే అది పులావ్ కాదు. గింజ చిన్నగా, రంగు సమంగా, ముక్కలు అన్నంలో కలిసిపోయి ఉంటే అవును.

నాటుకోడి పులావ్ విషయంలో ఇంకో మాట. నాటుకోడి మాంసం గట్టిది, ఫారం కోడి కంటే చాలా ఎక్కువసేపు ఉడకాలి. ఆర్డర్ చేసిన పది నిమిషాల్లో వచ్చిందంటే ముందే ఉడికించి పెట్టిన కూర అన్నంలో కలిపారు. రుచి బాగుండవచ్చు, కానీ పులావ్ ధర ఇవ్వాల్సిన పని లేదు. నిజంగా వండే హోటళ్లు దీన్ని ఆదివారమే పెట్టడమో, ముందు రోజు చెప్పమనడమో చేస్తాయి.

మండీ

యెమెన్ వంట. హైదరాబాద్‌లో బార్కస్ దీనికి పుట్టిల్లులాంటిది. నిజాం సైన్యంలో పనిచేసిన అరబ్బుల వారసులు స్థిరపడ్డ పేట అది. అన్నం మసాలా రసంలో ఉడుకుతుంది, మాంసం దానికి పైన మూసిన గుంత పొయ్యిలో ఆవిరికీ పొగకూ వేగుతుంది, కారే రసం అన్నంలో పడుతుంది. కారం చాలా తక్కువ. ఎండుద్రాక్ష, వేయించిన జీడిపప్పు లేదా బాదం, టమాటా చట్నీ, మయోనైజ్ పక్కన వస్తాయి. పెద్ద పళ్లెంలో నలుగురు కలిసి తినడం అలవాటు.

మెనూలో మండీ పక్కన ఉండే మాటలు ముక్క ఎలా వండారో చెబుతాయి. జ్యూసీ అంటే మెత్తగా, రసంతో ఉన్న ముక్క. ఫ్రై అంటే వేయించింది. ఫహామ్ అంటే బొగ్గుల మీద కాల్చింది. మటన్‌కు జ్యూసీ, చికెన్‌కు ఫహామ్ నప్పుతాయి. మటన్ ఫ్రై మండీ చల్లారితే నమలడం కష్టం.

బిర్యానీ కారానికి అలవాటుపడినవాళ్లు మొదటిసారి మండీని చప్పగా ఉందంటారు. అది వంట లోపం కాదు, ఆ వంట అంతే. లోపమైతే ఇలా ఉంటుంది: పొగ వాసన బొత్తిగా లేకపోవడం, అన్నం పసుపు రంగు తప్ప రుచి లేకపోవడం, నూనె పళ్లెం అడుగున నిలవడం.

కుండ, బొంగు

కుండ బిర్యానీలో రెండు రకాలు. బియ్యం, ముక్క కుండలోనే ఉడికేది ఒకటి, హండీలోని అన్నం కుండలోకి మార్చి మూత పెట్టి వేడి చేసేది మరొకటి. మొదటిదానికి అరగంట పైనే పడుతుంది. ఎంతసేపు పడుతుందని అడిగితే చాలు. బొంగు బిర్యానీ మారేడుమిల్లి, అరకు వైపు పచ్చి వెదురు బొంగులో, నిప్పుల మీద వండితేనే తినాలి. పట్నంలో ఆరిన బొంగులో నింపి తెచ్చేదానికి వెదురు వాసన రాదు.

ఇంతవరకు చెప్పినదాన్ని ఒకచోట పెడితే ఇలా ఉంటుంది:

| పేరు | ముక్క, అన్నం | ఎముక | కారం | డెలివరీకి | ఎవరికి నప్పుతుంది |
|---|---|---|---|---|---|
| దమ్ (కచ్చీ) | కలిసి ఉడికినవి | ఉంటుంది | మధ్యస్థం | బాగా | అన్నం రుచి కోరేవాళ్లకు |
| ఫ్రై పీస్ | విడివిడిగా | ఉంటుంది | ఎక్కువ | ముక్క విడిగా కడితేనే | హోటల్లో కూర్చుని తినేవాళ్లకు |
| స్పెషల్, బోన్‌లెస్ | విడివిడిగా | ఉండదు | ఎక్కువ | ఫరవాలేదు | ఎముక వద్దనేవాళ్లకు |
| మొగలాయి | విడివిడిగా | సాధారణంగా ఉండదు | తక్కువ | ఫరవాలేదు | గ్రేవీ కావాలనేవాళ్లకు |
| పులావ్ | కలిసి ఉడికినవి, పద్ధతిగా చేస్తే | ఉంటుంది | హోటల్‌ను బట్టి | బాగా | చిన్న గింజ అన్నం ఇష్టమైనవాళ్లకు |
| మండీ | రసం దిగుతుంది | ఉంటుంది | చాలా తక్కువ | ఒక మాదిరి | పిల్లలున్న గుంపుకు |

తినకూడనిది ప్లేటులోకి రాకుండా

ఎగ్ బిర్యానీని చాలామంది మాంసం లేని బిర్యానీ అనుకుంటారు. ఎక్కువ హోటళ్లలో అది చికెన్ హండీలోని అన్నం, పైన రెండు ఉడికించిన గుడ్లు. ప్లెయిన్ బిర్యానీ, బిర్యానీ రైస్, కుష్కా అనేవి కూడా చాలా చోట్ల మాంసం హండీలోని అన్నమే. ఆహార భద్రతా నియమాల్లో గుడ్డు ఎలాగూ మాంసాహారం కిందికే వస్తుంది, కాబట్టి మెనూలో ఉన్న మాంసాహార గుర్తు ఈ తేడా చెప్పదు. గుడ్డు తిని మాంసం తిననివాళ్లు అడగాల్సింది "రైస్ వేరే హండీలో వండుతారా?" అని. "ముక్కలు వేయం" అన్న జవాబు ఆ ప్రశ్నకు జవాబు కాదు.

కల్యాణీ బిర్యానీ పేరు చూసి పెళ్లి భోజనం అనుకోకండి. హైదరాబాద్‌లో అది గేదె మాంసంతో చేసే పాత వంటకం. ధర మటన్ కంటే చాలా తక్కువగా ఉండటం కూడా ఒక గుర్తు. తినేవాళ్లకు అది మంచి వంటే, తిననివాళ్లు పేరు తెలుసుకుని ఉండాలి.

వెతికేటప్పుడు

`biryani near me` అని కొడితే దగ్గరున్న హోటళ్లన్నీ వస్తాయి, మీకు కావలసిన వంటకం వాటిలో ఉందో లేదో తెలియదు. వంటకం పూర్తి పేరు కొట్టాలి, అదీ రెండు మూడు స్పెల్లింగులతో. ఎందుకంటే మెనూలో హోటల్‌వాళ్లు ఎలా రాస్తే అలాగే దొరుకుతుంది.

```
fry piece biryani
frypiece biriyani
kodi pulao
kodi palav
chitti mutyalu pulao
chicken mandi
```

`mandi` అని ఒక్కటే కొడితే కూరగాయల మార్కెట్లు కూడా రావచ్చు, అందుకే ముందు `chicken` పెట్టాలి. మ్యాప్‌లో హోటల్ దొరికాక `Menu` కంటే ముందు రివ్యూల్లోకి వెళ్లి, అక్కడి వెతుకుడు గడిలో ఆ వంటకం పేరు కొట్టండి. తర్వాత `Newest` వరుసలో పెట్టండి. మూడేళ్ల కిందటి పొగడ్త ఇప్పటి వంటమనిషి గురించి కాకపోవచ్చు. హోటల్ పెట్టిన ఫొటో వదిలేసి, తిన్నవాళ్లు తీసిన ఫొటోలో అన్నం రంగు, గింజ, ముక్క ఎక్కడుందో చూడండి. పైన చెప్పిన గుర్తులన్నీ అక్కడ పనికొస్తాయి.

డెలివరీ యాప్‌లో పేరు కింద ఉండే రెండు వరుసల వర్ణనలో ఎక్కువ మాటలకు అర్థం ఉండదు. `authentic`, `aromatic`, `flavourful` ఉన్నా లేకపోయినా ఒకటే. పనికొచ్చే మాటలు వేరే. `layered`, `slow cooked` ఉంటే కలిసి ఉడికిందని చెప్పుకుంటున్నారు. `tossed`, `topped with`, `served on` ఉంటే విడిగా వండి పైన వేసిందే. `bone-in`, `boneless` సంగతి తెలిసిందే. `serves 1`, `2 pcs` లాంటి అంకెలుంటే ఇంకా మంచిది, తేడా వస్తే అడగడానికి వీలుంటుంది. చికెన్, మటన్, వెజ్ మూడింటికీ మాంసం పేరు మాత్రం మార్చి అదే వాక్యం అతికించి ఉంటే ఆ వర్ణనను లెక్కలోకి తీసుకోకండి.

పది లేదా అంతకంటే ఎక్కువ శాఖలున్న హోటళ్లు మెనూలో ప్రతి వంటకానికీ క్యాలరీలు, ఒక వడ్డన పరిమాణం చూపాలన్న నియమం ఉంది. క్యాలరీలు అక్కర్లేనివాళ్లకు కూడా ఆ గ్రాముల అంకె పనికొస్తుంది. సింగిల్, ఫుల్, జంబో అనే పేర్లను పోల్చడానికి అంతకంటే నికరమైన ఆధారం మెనూలో ఇంకోటి లేదు.

సింగిల్ నాలుగా, ఫ్యామిలీ ప్యాక్ ఒకటా?

ఉదాహరణకు ఒక మెనూలో చికెన్ దమ్ సింగిల్ 280 రూపాయలు, రెండు ముక్కలు. ఫ్యామిలీ ప్యాక్ 850, నలుగురికి అని రాసి ఉంది, ఆరు ముక్కలు. నాలుగు సింగిళ్లు 1,120 అవుతాయి కాబట్టి ప్యాక్‌లో 270 మిగులుతుందనిపిస్తుంది. ముక్క లెక్కన చూస్తే సింగిల్‌లో ముక్కకు 140, ప్యాక్‌లో దాదాపు 142. అంటే ముక్కల దగ్గర మిగిలిందేమీ లేదు. మనిషికి ఒకటిన్నర ముక్కే వస్తుంది. ఇద్దరు పెద్దలు, ఇద్దరు చిన్న పిల్లలైతే ప్యాక్ సరిపోతుంది. నలుగురూ ముక్కకోసం చూసేవాళ్లైతే ప్యాక్‌లో గొడవ తప్పదు. అప్పుడు నాలుగు సింగిళ్లు చెప్పడమే మేలు, మనిషికి రెండు ముక్కలు వస్తాయి. సింగిల్‌లో అన్నం సాధారణంగా ఒకరికి కాస్త ఎక్కువే ఉంటుంది.

ప్యాక్‌లో ముక్కల సంఖ్య రాయకపోతే ఫోన్‌లో అడగాల్సిన మొదటి ప్రశ్న అదే.

ఒక ఇంటి ఆర్డర్

శనివారం రాత్రి ఎనిమిది, కూకట్‌పల్లిలో ఐదుగురున్న ఇల్లు. నాయనమ్మకు పళ్లు బలంగా లేవు. నాన్నకు బిర్యానీ అంటే అన్నమే. పదహారేళ్ల అబ్బాయికి ఫ్రై పీస్ కావాలి. అమ్మ గుడ్డు తింటుంది, మాంసం తినదు. ఆరేళ్ల పాపకు కారం పడదు. దగ్గర్లో నాలుగు కిలోమీటర్ల దూరంలో ఒక బిర్యానీ హోటల్, దాని పక్క వీధిలో ఒక మండీ హోటల్ ఉన్నాయి.

ఫ్యామిలీ ప్యాక్ చెబితే అమ్మకూ పాపకూ ఏమీ ఉండదు. ఐదు పేర్లతో ఐదు బిర్యానీలు చెబితే నిజానికి ఒకే అన్నం ఐదు డబ్బాల్లో వస్తుంది. ఈ ఇంటికి నప్పేది ఇది: రెండు చికెన్ దమ్ సింగిళ్లు నాన్నకు, నాయనమ్మకు. నాయనమ్మకు స్పెషల్ వద్దు. ఎముక లేకపోయినా 65 ముక్క గట్టిగా, కారంగా ఉంటుంది. దమ్‌లో ఉడికిన ముక్క వేలితో విడిపోతుంది, ఎముక తీసి పెట్టడం రెండు నిమిషాల పని. అబ్బాయికి ఫ్రై పీస్ బిర్యానీ కాకుండా ఒక చికెన్ ఫ్రై విడి డబ్బాలో, ఒక ఎగస్ట్రా రైస్. అతనికి ముక్కలు ఎక్కువ వస్తాయి, దారిలో కొంతైనా కరకర మిగులుతుంది.

పాపకు మండీ బాగుంటుంది, కానీ ఒక్కరికోసం రెండో హోటల్ నుంచి తెప్పిస్తే డెలివరీ, ప్యాకింగ్ ఖర్చులు విడిగా పడతాయి. దమ్ హండీ ఏడింటికి తెరిచారు కాబట్టి ఎనిమిదింటికి పైపొర తెల్ల అన్నం ఇంకా ఉంటుంది. "ఒక సింగిల్‌లో మసాలా తక్కువ, పై రైస్ వేయండి" అని నోట్‌లో రాస్తే చాలా హోటళ్లు వేస్తాయి. నాయనమ్మ డబ్బాకే ఆ మాట రాస్తే ఆమెకూ మంచిది, రైతా కలిపి పాపకూ అందులోంచే పెట్టొచ్చు.

అమ్మ సంగతి ఫోన్‌లోనే తేల్చుకోవాలి. ఎగ్ బిర్యానీ రైస్ వేరే హండీ కాదని చెబితే, బగారా అన్నం ఉందా, విడిగా వండుతారా అని అడగండి. తెలంగాణ వైపు హోటళ్లలో అది తరచుగా దొరుకుతుంది, మామూలుగా అందులో మాంసం ఉండదు. దొరికితే ఇంట్లో రెండు గుడ్లు ఉడికించి వేయించుకుంటే సరిపోతుంది. సాలన్ కలుపుకునేముందు అదీ అడగాలి. వేరుశనగ, నువ్వుల సాలన్ అయితే ఇబ్బంది లేదు. కొన్ని హోటళ్లు బిర్యానీతో ఇచ్చే షేర్వాను మాంసం ఉడికించిన నీళ్లతోనే కాస్తాయి.